ఆప్టిమైజర్ వాటాలు ఎందుకు తలకిందులవుతాయో పరీక్షించడం ఎలా?

డబ్బును ఏ ఫండులో ఎంత పెట్టాలో లెక్కగట్టే ప్రోగ్రామే ఆప్టిమైజర్. దాన్ని పరీక్షించడానికి పైథాన్, నంపై ఉన్న కంప్యూటర్, పావుగంట తీరిక చాలు. స్ప్రెడ్‌షీట్‌లో మాత్రం వద్దు. ఏ గడి ఎప్పుడు చెరిగిందో తెలియదు.

రెండు ఫండ్లు తీసుకోండి. రెండింటిలోనూ దాదాపు అవే బ్యాంకు షేర్లు ఉన్నాయనుకుందాం. ఏటా ఒడుదొడుకులు చెరి 20 శాతం, రెండూ ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే సహసంబంధం 0.9. రిస్కు లేని వడ్డీకి పైన వచ్చే రాబడి చెరి 6 శాతమైతే వాటాలు సగం సగం. ఇప్పుడు మొదటిదాని అంచనాను 7 శాతం చేయండి. కింద 0.04 అంటే 0.2 వర్గం, 0.036 అంటే దానికి 0.9 రెట్లు:

```python
import numpy as np
S = np.array([[0.04, 0.036], [0.036, 0.04]])
m = np.array([0.07, 0.06])
w = np.linalg.solve(S, m)
print(w / w.sum())
```

మొదటిదానికి 123 శాతం, రెండోదానికి మైనస్ 23 శాతం వస్తుంది. అంటే చేతిలో లక్ష ఉంటే, లేని రెండో ఫండును 23 వేలకు అమ్మి మొదటిదాన్ని 1.23 లక్షలకు కొనమని సలహా!

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. కొందరు ప్రోగ్రాములో తప్పు వెతుకుతారు. కొందరు మైనస్ వాటాలను నిషేధిస్తారు. అప్పుడు 100, 0 వస్తుంది. అంచనాలను తారుమారు చేస్తే 0, 100. ఊగిసలాట తగ్గలేదు, గోడకు తగిలి ఆగిందంతే.

కారణం సహసంబంధంలో ఉంది. ప్రోగ్రాముకు కనిపించేవి రెండు ఫండ్లు కావు, రెండు పందాలు: రెండింటినీ కలిపి కొనడం, ఒకటి కొని మరొకటి అమ్మడం. మొదటి పందెం వేరియన్స్, అంటే ఒడుదొడుకుల వర్గం, 0.076; రెండో పందేనిది 0.004. ఆ లెక్క రిస్కుతో భాగిస్తుంది కాబట్టి, రాబడుల్లోని తేడాకు ఉమ్మడి రాబడి కంటే 19 రెట్లు విలువ కడుతుంది. నమ్మకం కుదరకపోతే రెండు చోట్లా 0.036 తీసి 0.012 పెట్టండి, అంటే సహసంబంధం 0.3. అదే ఒక్క శాతం తేడాకు 57, 43 వస్తుంది.

ఇంతకూ ఆ ఒక్క శాతం మనకు నిజంగా తెలుసా? పాతికేళ్ల లెక్కలున్నా, ఈ రెండు ఫండ్ల రాబడుల తేడాలో ప్రామాణిక దోషం, అంటే అంచనా మామూలుగా అటూ ఇటూ తప్పే మేర, సుమారు 1.8 శాతం. రోజువారీ ధరలు గుట్టలుగా పోసినా అది తగ్గదు. సగటు రాబడికి లెక్కలోకి వచ్చేది ఏళ్ల సంఖ్యే. ఇలాంటి ఆప్టిమైజర్లు అంచనాల్లోని పొరపాట్లనే పెంచి చూపిస్తాయని పెట్టుబడుల పరిశోధకుడు రిచర్డ్ మిషో 1989లోనే రాశారు.

అంచనాలను సగటు వైపు జరపండి. సగం జరిపితే, అంటే 6.75, 6.25 చేస్తే, 87, 13 వస్తుంది. నాకది చాలదు. నేనెప్పుడూ మూడొంతులు జరుపుతాను: 6.625, 6.375. అప్పుడు 68, 32. ఆపైన అంచనాలను తారుమారు చేసి మళ్లీ నడపాలి. వాటా 20 పాయింట్ల కంటే ఎక్కువ కదిలితే (ఇక్కడ 36 కదులుతుంది) ఆ రెండు ఫండ్లను ఒకే వరుసగా కలిపేస్తాను. ఆ వరుసకు ఎంత అన్నది ప్రోగ్రాము చెబుతుంది, లోపల సగం సగం నేనే పంచుతాను.