హాజరుపట్టీ నుంచి శాతాలు కట్టే ముందు జాగ్రత్తలు

ముందుగా ఆ నెల పనిదినాలెన్నో తేల్చుకుని, సెలవు రోజుల నిలువు వరుసలను పెన్సిలుతో కొట్టివేయాలి.

ఖాళీ గడిని గైర్హాజరుగా లెక్కించకూడదు. అది గుర్తు వేయడం మరచిన రోజు కావచ్చు కనుక, అక్కడ ప్రశ్నార్థకం ఉంచి, పట్టీ రాసినవారిని అడిగాకే నింపాలి. హాజరు గుర్తును దిద్ది గైర్హాజరుగా మార్చిన గడులకూ ఇదే పద్ధతి.

నా అనుభవంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది నెల మధ్యలో చేరినవారి విషయంలో. 24 పనిదినాల నెలలో ఒకరు చేరాక మిగిలినవి 16 రోజులై, వాటిలో 14 రోజులు వస్తే హాజరు 87.5 శాతం, 24తో భాగిస్తే 58.3 శాతమే వచ్చి ఆ వ్యక్తికి అన్యాయం జరుగుతుంది.

వ్యక్తులవారీ హాజరు మొత్తాల కూడిక, రోజువారీ మొత్తాల కూడికతో సరిపోయేదాకా శాతాలు కట్టవద్దు.