స్కాన్ చీటీ మీద డాక్టర్ ఏం రాయాలి?

"నడుం నొప్పి. ఎంఆర్‌ఐ నడుము." స్కాన్ చీటీ మీద ఇంతే ఉంటే రేడియాలజిస్టు నడుములో కనిపించినవన్నీ రాసి పంపుతారు. ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ కొంచెం ఉబ్బింది, అరుగుదల ఉంది. యాభై దాటినవాళ్లలో నొప్పి లేకపోయినా ఇవి కనిపిస్తాయి.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి 58 ఏళ్ల రైతు వచ్చాడనుకుందాం. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగినవాడు. ఏడాదిగా నడుం పట్టేసింది. రెండు నెలలుగా నడుస్తుంటే కాళ్లు బిగుసుకుంటున్నాయి, చెప్పు జారిపోయినా తెలియడం లేదు.

ముందు పరీక్ష, తర్వాతే పెన్ను. మోకాలి మీద సుత్తితో తడితే కాలు గట్టిగా ఎగిరింది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. రెండు కాళ్లలోనూ ఇలా ఉందంటే దెబ్బ వెన్నుపాములో ఉండే అవకాశం ఎక్కువ. వెన్నుపామేమో నడుము పైభాగంలో, ఎల్1 దగ్గరే ఆగిపోతుంది. ఫ్లోరోసిస్‌లో లిగమెంట్లు ఎముకలా గట్టిపడి వెన్నుపామును నొక్కేది ఎక్కువగా మెడలో, వీపులో. నడుము ఒక్కటే తీయిస్తే అసలు చోటు ఫిల్ములోకే రాదు.

ఇప్పుడు చీటీ ఇలా రాయాలి:

"58 ఏళ్ల పురుషుడు, ఫ్లోరైడ్ ప్రాంతం. 2 నెలలుగా రెండు కాళ్లలో బిగుతు, బలహీనత. రిఫ్లెక్సులు ఎక్కువ, ప్లాంటర్ రెండు వైపులా పైకి. బొడ్డు నుంచి కిందికి స్పర్శ తగ్గింది. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ప్రశ్న: మెడలో గానీ వీపులో గానీ వెన్నుపాము నొక్కుకుపోతోందా? ఏ లెవెల్‌లో? కారణం గట్టిపడిన లిగమెంటా, టీబీయా, గడ్డా? ఆపరేషన్‌కు పంపాలా వద్దా అన్నది దీన్నిబట్టే."

బొడ్డు దగ్గర స్పర్శ మారిందంటే దెబ్బ టీ10 దగ్గరే అనుకోవద్దు, ఇంకా పైన కూడా ఉండొచ్చు. మెడను చేర్చింది అందుకే. "జ్వరం లేదు" అన్న ముక్కకూ విలువ ఉంది, టీబీని ఎంత గట్టిగా అనుమానించాలో అది చెబుతుంది. అలాగని ఒట్టి "ఫ్లోరోసిస్" అని రాసి వదిలేయకండి. చదివేవాళ్ల కన్ను దాని మీదే ఆగిపోతుంది, పక్కనున్న గడ్డ తప్పిపోవచ్చు.

గట్టిపడిన లిగమెంట్ ఎంఆర్‌ఐలో నల్లగా కనిపిస్తుంది కానీ ఎముకగా ఎంత మారిందో సీటీలోనే బాగా తెలుస్తుంది. "అవసరమైతే సీటీ కూడా చేయండి" అని ఒక మాట చేర్చండి. పేస్‌మేకర్, పాత ఆపరేషన్లు, పాత ఫిల్ములు, మీ ఫోన్ నంబర్ కూడా రాయండి.

రిపోర్టు రాగానే చివర్లో ఉండే ఇంప్రెషన్ చూడండి. మీరడిగిన లెవెల్, కారణం అక్కడ లేకపోతే స్కాన్ మళ్లీ రాయకుండా రేడియాలజిస్టుకే ఫోన్ చేయండి. రోగికి మూత్రం ఆగిపోయినా, కాళ్లు ఒక్కసారిగా పడిపోయినా చీటీతో పంపి ఊరుకోవద్దు. ముందే ఫోన్ చేసి, ఆ రోజే స్కాన్ అయ్యేలా చూడాలి.