పండగ అలంకరణకు ఏడాది లెక్క, 3వ పాఠం: ఏది ఎప్పుడు కొనాలి

గత పాఠంలో విజయనగరంలోని ఒక ఇంటికి ఏడాదికి 6,000 రూపాయలు అనుకుని పంచుకున్నాం: సంక్రాంతికి 900, ఉగాదికి 500, వరలక్ష్మీ వ్రతానికి 1,500, వినాయక చవితికి 1,200, దసరాకు 900, దీపావళికి 1,000. ఇప్పుడు ఒక్కో పండగ కింద రెండు పద్దులు గీయండి. గుడ్డ, లైట్లు లాంటి నిలిచే సామాను ఒకటి. పూలు, మామిడాకులు, అరటి పిలకలు రెండోది. ముందుగా కొని మిగుల్చుకోగలిగేది మొదటి పద్దులోనే. రెండోదాన్ని పండగ ముందురోజు ధరకే లెక్కేసుకోవాలి. మామూలు రోజు పూల ధర రాసుకున్నవాళ్లకు శ్రావణ శుక్రవారం నాడే లెక్క తప్పుతుంది.

వరలక్ష్మీ వ్రతం సంగతి చూద్దాం. పీట వెనక తెర 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు కావాలి. కుచ్చిళ్లు నిండుగా పడాలంటే వెడల్పుకు రెట్టింపు, అంటే 10 అడుగుల గుడ్డ పట్టాలి. 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డయితే మూడు ముక్కలు కలిపి కుట్టాలి. మడతతో కలిపి ముక్కకు 2 మీటర్లు, మొత్తం 6 మీటర్లు. మీటరు 80 రూపాయలకు దొరికితే 480, కుట్టుకూలి 120. పూలకూ పత్రికీ 900 మిగులుతుంది. ఈ గుడ్డను శ్రావణంలో కాక, బట్టల కొట్లు తగ్గింపులు పెట్టే ఆషాఢంలోనే కొనండి. కొలత రాసుకోకుండా వెళితే చవగ్గా వచ్చిందని 4 మీటర్లే తెచ్చుకుంటారు. తీరా కట్టాక కుచ్చిళ్లు పడక తెర దుప్పటిలా వేలాడుతుంది. శాటిన్, పాలిస్టర్ గుడ్డలు మంటకు కరిగి అంటుకుంటాయి కాబట్టి, దీపాలున్న వైపు నూలు గుడ్డే మేలు.

సీరియల్ లైట్లు దీపావళి వెళ్లాక కొనండి. మిగిలిన సరుకు కాబట్టి కొట్లోనే అరగంట వెలిగించి చూడాలి. ప్లగ్గు దగ్గర వైరు కదిపినప్పుడు మిణుకుమంటే లోపల తీగ తెగుతోందని అర్థం. వాడాక తడి ఆరకుండా పెట్టెలో పెడితే రాగి కొసలకు పచ్చని చిలుము పడుతుంది. మరుసటి ఏడాది సగం సెట్టు వెలగదు.

తేదీలు మాత్రం ఏటా పంచాంగం చూసే వేయాలి. ఉగాది 2025లో మార్చి 30న వస్తే 2026లో మార్చి 19న వచ్చింది. వినాయక చవితి మాత్రం ఆగస్టు 27 నుంచి సెప్టెంబరు 14కి వెనక్కి జరిగింది. 2026లో మధ్యలో అధిక జ్యేష్ఠం పడడమే కారణం. నెలనెలా డబ్బు పక్కన పెట్టేవాళ్లు ఆ ఏడాది చవితి కొనుగోళ్లను సెప్టెంబరు పద్దులోకి మార్చుకోవాలి.

విజయనగరంలో దసరా పద్దుకు ఇంకో మెలిక ఉంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. 2025లో దశమి అక్టోబరు 2, సిరిమాను 7. చుట్టాలు దిగేది సిరిమానుకే. దశమినాడు కట్టిన బంతి దండలు అప్పటికి వడలిపోతాయి. అందుకే 900లో 400 దశమికి వాడి, 500 సిరిమాను ముందురోజు పూలకు ఉంచండి.