ఏడు చేపల కథను ప్రాస కుదిరిన ఇటాలియన్‌లోకి ఎలా మార్చాలి?

పిల్లలు ఇటలీలో పుట్టి పెరుగుతుంటారు, నాన్నమ్మ శ్రీకాకుళంలో ఉంటుంది. ఫోనులో కథ చెప్పబోతే తెలుగు వాళ్లకు సగమే అందుతుంది. అందుకని ఎవరో ఒకరు ఆ కథను ఇటాలియన్‌లోకి తిప్పి, వరుసల చివర ఒకే అక్షరం పడేలా చూసి పంపిస్తారు. నేను పదకొండేళ్లు బొలోన్యా దగ్గర పనిచేసి వచ్చాను కాబట్టి అలాంటి కాగితాలు నా దగ్గరకు వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే చోట చెడిపోతున్నాయి. ఆ చోటు గురించే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మిగతా పనులు తేలికే.

కావలసినవి: గీతల నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు, ఎర్ర కలం, ఊనిక గుర్తులు, అంటే పదంలో ఏ అక్షరాన్ని నొక్కి పలకాలో చూపే ఇటాలియన్ నిఘంటువు. కంప్యూటర్ వద్దు. ప్రాసపదాల జాబితాలూ ముందే తెరవకూడదు. జాబితా చూసి రాసిన కథ ఆ జాబితా ఎటు లాగితే అటే పోతుంది.

మొదటి పని: కథను ఎముకల దాకా కుదించండి. ఏడు చేపల కథ మనకందరికీ తెలిసిందే. చేప ఎండలేదు, ఎందుకంటే గడ్డిమోపు అడ్డం వచ్చింది. ఆవు మేయలేదు, పాలేరు విప్పలేదు, అవ్వ అన్నం పెట్టలేదు, పిల్లవాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. ఇందులో వదలకూడనివి మూడు: ఏడు అనే అంకె, మళ్లీ మళ్లీ వచ్చే "ఎందుకు?", చివర చీమ అడిగే ఎదురు ప్రశ్న. రాజుగారి ఏడుగురు కొడుకులను నేను తీసేసి, చేపలను రాజు చేతే పట్టించాను. ఇది తప్పంటారు కొందరు. నిద్రవేళ కథకు ఏడుగురు రాజకుమారులు బరువు.

రెండో పని: పదాలను ఇటలీ పిల్లవాడి ఇంట్లో నుంచి తీసుకోండి. మన గడ్డిమోపు వరిగడ్డిది. వరిగడ్డికి అక్కడి మాట 'పాల్య'. అయితే ఆ పిల్లవాడి మనసులో పాల్య అంటే పశువుల కింద పరిచేది, ఆవు తినేది 'ఫియేనొ'. కాబట్టి ఫియేనొ అనే రాయాలి. అవ్వ పెట్టే చోడి అంబలికి 'పప్ప' సరిపోతుంది, చిన్నపిల్లలకు తినిపించే మెత్తని తిండి అది. ద్విత్వం తప్పకుండా పలకాలి: 'పాప' అంటే రోములో ఉండే మతగురువు పోప్, 'పపా' అని చివర నొక్కితే నాన్న. కళింగపట్నం, బారువ తీరాల్లో ఇసుక మీద చేపలు ఎండబెట్టడం చూసిన పిల్లలకు చేప ఎందుకు ఎండాలో తెలుసు. అక్కడి పిల్లలకు కథ మొదలుపెట్టేముందు ఒక్క మాటలో చెప్పండి. పద్యంలో దూర్చకండి.

మూడో పని: కొలత. ఇటాలియన్ పిల్లల పాటలకు బాగా అలవాటైన కొలత ఎనిమిది అక్షరాల వరుస, 'ఒత్తొనారియొ'. మూడో అక్షరం మీద, ఏడో అక్షరం మీద ఊనిక పడాలి. వరుస చివరి అక్షరం మీదే ఊనిక పడితే ఏడు అక్షరాలు పలికినా ఎనిమిదిగా లెక్క. ఒక పదం అచ్చుతో ముగిసి, తర్వాతి పదం అచ్చుతో మొదలైతే రెండూ కలిసి ఒకే అక్షరం. మన సంధిలా ఒక అచ్చు పోదు, రెండూ ఒకే దెబ్బలో వినపడతాయి. ఉయ్యాల ఊపుతూ లెక్కపెట్టండి, పది నిమిషాల్లో చేతికి వస్తుంది.

ఇప్పుడు అసలు కష్టమైన పని: ప్రాస.

తెలుగు చెవి హల్లును పట్టుకుంటుంది. మన పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరపు హల్లు కలవాలి, అచ్చు మారినా తప్పు లేదు. 'అమ్మ'కు 'తమ్ముడు' ప్రాస. పాటల్లో అంత్యప్రాసకు చివరి అక్షరం ఒకటైతే చాలు. ఈ అలవాటుతో ఇటాలియన్ రాసేవారికి 'గత్తొ' (పిల్లి), 'తెత్తొ' (ఇంటికప్పు) చక్కగా కలిసినట్టు వినిపిస్తాయి. ఇటాలియన్ పిల్లవాడికి అవి కలవవు. అతని చెవి ఊనిక పడిన అచ్చు దగ్గర మేలుకొని, అక్కడి నుంచి పదం చివరి దాకా ప్రతి ధ్వనీ ఒకటిగా ఉండాలని చూస్తుంది. గత్తొలో అక్కడి నుంచి మిగిలేది 'అత్తొ', తెత్తొలో 'ఎత్తొ'. మొదటి అచ్చే వేరు. గత్తొకు సరైన జత 'మత్తొ', అంటే పిచ్చివాడు.

దీనికంటే లోతైన గుంట ఇంకొకటి ఉంది. మన ఊరి ఒక నాన్నమ్మ తెచ్చిన కాగితంలో చీమ వచ్చే చోట 'ఫొర్మీక', దాని కింద వరుసలో 'మూజిక' (సంగీతం) ఉన్నాయి. రోమన్ లిపిలో రెండూ చివరి మూడక్షరాలు ఒకేలా రాస్తారు. కంటికి నిండైన ప్రాస. అయితే ఫొర్మీకలో ఊనిక 'మీ' మీద, మూజికలో 'మూ' మీద. ఒకదానిలో మిగిలేది 'ఈక', మరొకదానిలో 'ఊజిక'. ఆవిడ ఎంతో ప్రేమగా చదివింది. పాదువాలో ఉన్న ఆరేళ్ల మనవరాలు "నాన్నమ్మా, ఇది పాట కాదా?" అని అడిగిందట. పాప తప్పు పట్టలేదు. అది పాటని దానికి తెలియలేదు, అంతే. ఆ మాట వింటే నాకు బాధ కలిగింది, ఎందుకంటే 'అమీక' (స్నేహితురాలు) అనే పదం పక్కనే ఉంది.

తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు కాబట్టి మనం దానిని వినం. ఇటాలియన్‌లో 'పేస్కొ' అంటే చేపలు పడుతున్నాను, 'పెస్కో' అంటే అతను పట్టాడు. ఊనిక చివరి అక్షరం మీద ఉంటేనే రాతలో గుర్తు పెట్టడం తప్పనిసరి. మిగతా చోట్ల సాధారణంగా గుర్తే ఉండదు. ఎక్కువ పదాలకు చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది, కానీ మూజికలాంటివి కొల్లలు. అందుకే వరుస చివర వచ్చే ప్రతి పదాన్నీ, బాగా తెలుసనుకున్నదాన్ని కూడా, నిఘంటువులో చూడాలి. వరుస మధ్య పదాలకు ఇంత పట్టింపు అక్కరలేదు, మూడో అక్షరం ఒక్కటి చూసుకుంటే చాలు.

పరీక్ష ఇలా చేయండి. వరుస చివరి పదంలో ఊనిక పడిన అచ్చు కింద ఎర్ర కలంతో గీత గీయండి. దానికి ముందున్నదంతా ఒక కాగితం ముక్కతో మూసేయండి. కింద వరుసకూ అలాగే చేయండి. బయట మిగిలిన ముక్కలు అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయితే ప్రాస కుదిరింది. 'మారె' (సముద్రం), 'దొర్మీరె' (నిద్రపోవడం) నిద్రవేళ కథల్లో ఎంతమంది కలిపి రాస్తారో! కాగితం పెట్టి చూడండి: 'ఆరె', 'ఈరె'. ఒక మినహాయింపు ఉంది: విప్పారిన 'ఎ', ముడుచుకున్న 'ఎ' పలుకులో వేరైనా వాళ్ల కవులు వాటిని కలిపేస్తారు, మనమూ కలపవచ్చు.

నేను తెలుగు లిపిలోనే మొదటి ప్రతి రాస్తాను. ద్విత్వాలు మన లిపిలో దాక్కోవు, ఊనికను దీర్ఘంతో చూపించవచ్చు. పదం చివర ఊనిక పడిన అచ్చు నిజానికి పొట్టిగానే పలకాలి, అక్కడ దీర్ఘం గుర్తు కోసమే. నా మొదటి జత ఇది:

సెత్తె పేషి ఉన్ రె పెస్కో,
సెయి సెక్కారొనొ, ఊనొ నో.

ఏడు చేపలు ఒక రాజు పట్టాడు, ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. 'పేషి ఉన్' దగ్గర, 'సెక్కారొనొ, ఊనొ' దగ్గర అచ్చులు కలిసిపోతాయి, రెండు వరుసలూ ఏడేసి అక్షరాలతో చివరి ఊనిక మీద ఆగుతాయి. కాగితం పెడితే రెండు చోట్లా మిగిలేది 'ఓ' ఒక్కటే.

తర్వాత "ఎందుకు?"కు 'మ పెర్కే?' పెట్టాను. ఇందులో ఊనిక చివరి 'ఏ' మీద ఉంది, కాబట్టి జవాబులన్నీ 'ఏ'తో ముగిస్తే చాలు. ఒకే ప్రాస మళ్లీ మళ్లీ రావడం పేదరికమని కొందరంటారు. ఈ కథ నడిచేదే ఒకే ప్రశ్న మీద. ప్రశ్న మారనప్పుడు ప్రాస ఎందుకు మారాలి?

చివరి జత దగ్గర నేను వారం రోజులు ఆగిపోయాను. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అనేదానికి మొదట 'కి లొ మెత్తె వియెన్ పునీతొ' అని రాశాను, వేలు పెట్టినవాడికి శిక్ష తప్పదని. కొలత కుదిరింది, 'దీతొ' (వేలు)తో ప్రాసా కుదిరింది. అయినా కొట్టేశాను. చీమ న్యాయమూర్తి అయిపోయింది. మన చీమ తీర్పు చెప్పదు, అడుగుతుంది. వారం తర్వాత 'ప్రొయిబీతొ' (నిషిద్ధం) దొరికింది: వేలిని గిల్లడం నిషిద్ధమా? ప్రశ్న తిరిగి వచ్చింది. పుట్టకు మాత్రం 'కాజ' అన్నాను, అంటే ఇల్లు. పుట్టకు ఉన్న అసలు మాట చాలా పొడవు, వరుసలో సగం మింగేస్తుంది.

మొత్తం ఇలా తయారైంది:

సెత్తె పేషి ఉన్ రె పెస్కో,
సెయి సెక్కారొనొ, ఊనొ నో.
పేషె, పేషె, మ పెర్కే?
చేర ఇల్ ఫియేనొ సు ది మే.
ఫియేనొ, ఫియేనొ, మ పెర్కే?
ఎ ల ముక్క? లెయి దొవే?
ముక్క, ముక్క, మ పెర్కే?
ఇల్ పస్తోరె క్వి నొన్ చే.
పస్తొరెల్లొ, మ పెర్కే?
నియెంతె పప్ప చె పెర్ మే.
నొన్న, నొన్న, మ పెర్కే?
ఇల్ బంబీనొ పియాంజె, అయిమే!
బింబొ, బింబొ, మ పెర్కే?
ల ఫొర్మీక ఎ సు ది మే!
ఫొర్మికీన, మ పెర్కే?
నెల్ల కాజ దోరొ ఉన్ దీతొ!
పిజ్జికార్లొ ఎ ప్రొయిబీతొ?

'ముక్క' అంటే ఆవు, 'పస్తోరె' పశువుల కాపరి, 'నొన్న' అవ్వ. 'ఫియే', 'నియెం', 'పియాం', 'లెయి', 'సెయి' రాతలో రెండక్షరాల్లా కనిపించినా ఒక్క దెబ్బలోనే పలకాలి. మొత్తం పదిహేడు వరుసలు. చీమను అడిగే ప్రశ్నకు మాత్రం జత లేదు, కావాలనే వదిలాను. అక్కడ పిల్లవాడి చెవి 'ఏ' కోసం ఎదురుచూస్తుండగా 'దీతొ' వచ్చి పడాలి.

ఫోనులో చెప్పేటప్పుడు 'మ పెర్కే' పిల్లలకే వదిలేయండి, రెండోసారికే అందుకుంటారు. వేసవిలో అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే మనకు పన్నెండు, చలికాలంలో ఒంటిగంట. అందుకని మధ్యాహ్నం కాస్త పడుకోండి. ఆఖరి వరుసలో 'ప్రొయిబీతొ' ముందు ఒక్క ఊపిరి ఆగండి. పాదువాలోని ఆ పాప ఇప్పుడు దుప్పటిలోంచి వేలు బయటపెట్టి, "నో!" అని తానే జవాబు చెబుతోందట.