జామకాయ ఫొటోలో ఈగ పోటు గుర్తుపట్టడం

మొన్న బొబ్బిలి నుంచి మా చెల్లి పెరట్లోని జామకాయల ఫొటో పంపి, "అన్నయ్యా, ఈ మచ్చలన్నీ పురుగేనా?" అని అడిగింది. ఒక కాయ మీద గోధుమ రంగులో, గరుకుగా, ఎండిన పొక్కులు. అవి పైతొక్క మచ్చలే, లోపల కండ బాగానే ఉంటుంది. రెండో కాయ మీద గుండుసూది మొనంత నల్ల చుక్క, దాని చుట్టూ నీరు పట్టినట్టు చిన్న గుంట. అది పండు ఈగ గుడ్లు పెట్టిన పోటు. కోయించి చూస్తే సన్నటి తెల్ల పురుగులు.

ఫ్లాష్‌తో తీస్తే ఆ గుంట కనబడదు. పొద్దున్న నీడలో, వెలుగు పక్క నుంచి పడేలా, కాయను తిప్పుతూ మూడు నాలుగు ఫొటోలు తీయండి. ఈగ అప్పుడే పొడిచి ఉంటే మాత్రం ఫొటో చాలదు, కోసి చూడాల్సిందే.

బొప్పాయికైతే కొన వైపు ఫొటో తీయండి. అక్కడ ఒకటి రెండు పసుపు చారలు కనబడగానే కోసేసి ఇంట్లో మాగబెట్టండి. పచ్చికాయలో పాలు ఉన్నంతవరకు ఈగ అంతగా జోలికి రాదు, చెట్టు మీదే పండనిస్తేనే పొడుస్తుంది.

పోటు పడ్డ కాయల్ని చెట్టు కింద వదలకండి. పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది.