ఒక్క యూఏఎన్ దగ్గర ఆగిపోయిన పీఎఫ్ చలానా: నా అనుభవం

మాది చిన్న ప్యాకింగ్ యూనిట్, 20 మంది దాటాం కాబట్టి పీఎఫ్ తప్పనిసరి. నెల జీతాల మీద చందా తర్వాతి నెల 15లోపు కట్టాలి. కొత్తగా చేరిన ఒకాయన పేరు నమోదు కాక, మిగతా అందరి ఈసీఆర్, అంటే ఉద్యోగులవారీగా చందా వివరాలతో నెలనెలా వేసే రిటర్న్, కూడా ఆపుకొని కూర్చున్నాం. బ్రౌజర్ మార్చడం, ఆధార్ వివరాలు మళ్లీ కొట్టడం, హెల్ప్‌డెస్క్‌కు రాయడం, ఏదీ పనిచేయలేదు.

అసలు సంగతి, ఆయనకు పాత కంపెనీలో తీసుకున్న యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్, ఉంది; అందుకే కొత్తగా నమోదు కావట్లేదు. ముందుగా ఆయన లేకుండానే రెగ్యులర్ ఈసీఆర్ వేసి, మిగతావాళ్ల చలానా గడువులోపు కట్టేశాం. టెన్షన్ సగం అక్కడే తగ్గింది. తర్వాత ఆయన ఫోన్‌లోనే మెంబర్ పోర్టల్ తెరిచి, Know your UAN లో ఆధార్, ఓటీపీ ఇచ్చి పాత నంబర్ తీశాం. మా లాగిన్‌లో Register Individual కి వెళ్లి, గతంలో ఉద్యోగం చేశారా అన్నచోట అవును పెట్టి ఆ నంబర్ ఇచ్చాం. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే, చేరిన తేదీ నిజమైనదే వేశాం. అప్రూవ్ చేశాక ఆయన ఒక్కరికే సప్లిమెంటరీ ఈసీఆర్ వేశాం.

ఆలస్యం ఆయన చందాకే పడింది. రూ.15,000 జీతానికి రెండు వాటాలూ కలిపి రూ.3,600. దాని మీద ఏడాదికి 12 శాతం లెక్కన వడ్డీ, ఆలస్యానికి జరిమానాగా నెలకు 1 శాతం డ్యామేజెస్. నెల ఆలస్యమైతే సుమారు రూ.72. అందరిదీ ఆపి ఉంటే ఇది ఇరవై రెట్లు.

పాత యూఏఎన్‌లో పేరు ఆధార్‌తో కలవకపోతే ఈ దారి సరిపోకపోవచ్చు. అప్పుడు ముందు ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్‌తో సరిచేయించాలి. మాకు ఆ అవసరం రాలేదు.