ఆరింట మూడు అంకెలు కలిసే అవకాశం: జవాబు ఎక్కడ తప్పుతోందో తప్పు జవాబే చెబుతుంది

మా కోనసీమలో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ప్రస్తారాలు, సంయోగాలు, సంభావ్యత చెబుతుంటాను. బ్రిటన్‌లో ఉంటున్న అన్నయ్య అడిగాడంటూ ఒక విద్యార్థి మొన్న ఒక లెక్క తెచ్చాడు. 1 నుంచి 49 వరకు ఉన్న అంకెలలో మనం ఆరు ఎంచుకుంటాం, వాళ్ళు ఆరు తీస్తారు. సరిగ్గా మూడు కలిసే అవకాశం ఎంత? 1994 నవంబరులో బ్రిటన్ జాతీయ లాటరీ మొదలైనప్పుడు ఉన్న పద్ధతి ఇదే. అప్పట్లో ఒక పౌండు టికెట్టుకు మూడు కలిస్తే పది పౌండ్లు ఇచ్చేవారు. తరగతిలో పదిమంది చేస్తే అయిదు రకాల జవాబులు వచ్చాయి. ఆ తప్పు జవాబులు ఏవీ గాలివాటుగా వచ్చినవి కావు. ఒక్కొక్క సంఖ్య వెనుక ఒక్కొక్క నిర్దిష్టమైన పొరపాటు ఉంది. కాబట్టి మీకు వచ్చిన సంఖ్యను బట్టి కారణం వెతుక్కునేలా దీన్ని రాస్తున్నాను.

ముందుగా సరైన లెక్క. తీసిన ఆరు అంకెలను గెలిచినవి అనుకుందాం, మిగిలిన 43 ఓడినవి. సరిగ్గా మూడు కలవాలంటే మన టికెట్టులో మూడు అంకెలు గెలిచిన ఆరింటి నుంచి, తక్కిన మూడు ఓడిన 43 నుంచి రావాలి. మొదటిది 20 విధాలుగా, రెండోది 12,341 విధాలుగా జరుగుతుంది. మొత్తం టికెట్టులు 1,39,83,816.

```
C(6,3) × C(43,3) / C(49,6)
= 20 × 12341 / 13983816
= 246820 / 13983816 ≈ 1/56.66
```

అంటే సుమారు 57 టికెట్టులకు ఒకటి. రాశిని గెలిచినవి, ఓడినవి అని రెండు భాగాలు చేసి, ఏ భాగం నుంచి ఎన్ని వచ్చాయో వేరువేరుగా లెక్కించి గుణించే ఈ పద్ధతినే హైపర్‌జామెట్రిక్ లెక్క అంటారు.

సమస్య: జవాబు 46కు ఒకటి అని వస్తోంది

అందరికన్నా ఎక్కువమంది పడేది ఈ గోతిలోనే, పైగా చూడటానికి ఇది ఎంతో సబబుగా కనిపిస్తుంది. లెక్క తెచ్చిన ఆ అబ్బాయే, "మాస్టారండీ, గెలిచిన ఆరింట్లో మూడు తీసుకున్నానండి, ఇక మిగిలిన 46 అంకెల్లో ఏ మూడైనా పర్లేదు కదండీ" అన్నాడు. అలా చేస్తే 20 × 15,180 = 3,03,600 వస్తుంది, దానితో మొత్తాన్ని భాగిస్తే 46.

కారణం ఏమిటంటే, ఆ 46లో గెలిచిన అంకెలు ఇంకా మూడు మిగిలి ఉన్నాయి. వాటిని ఓడినవాటితో కలిపి వదిలేశాం కనుక నాలుగు, అయిదు, ఆరు కలిసిన టికెట్టులు కూడా లెక్కలోకి చొరబడతాయి. అయితే వీటిని పక్కకు తీసేస్తే చాలదు, ఎందుకంటే అవి ఒక్కొక్కసారి కాక చాలాసార్లు చొరబడ్డాయి.

దీన్ని కళ్ళకు కట్టేలా చూపడానికి అయిదు చింతగింజలు తీసుకుని, 1 నుంచి 5 వరకు సుద్దతో అంకెలు వేసి బల్లమీద పెట్టాను. మూడు తీయాలి, గెలిచినవి 1, 2, 3 అనుకుందాం, సరిగ్గా రెండు కలవాలి. ఉన్నవి పది ఎంపికలే కనుక చేత్తోనే జరిపి రాసుకోవచ్చు. 124, 125, 134, 135, 234, 235 అనే ఆరింటిలో సరిగ్గా రెండు కలుస్తాయి. 145, 245, 345లో ఒకటే కలుస్తుంది. 123లో మూడూ కలుస్తాయి. సరైన సూత్రం కూడా 3 × 2 = 6 అనే చెబుతుంది. పైన చెప్పిన తప్పు దారిలో మాత్రం ముందు రెండు గెలిచిన గింజలు, తరువాత మిగిలిన మూడింటిలో ఏదో ఒకటి తీసుకుంటాం కనుక 3 × 3 = 9 వస్తుంది. అదనంగా వచ్చిన మూడు ఎక్కడివి? 1, 2 ముందు తీసి తరువాత 3 తీసినా, 1, 3 ముందు తీసి తరువాత 2 తీసినా, 2, 3 ముందు తీసి తరువాత 1 తీసినా బల్లమీద ఉండేది అదే 123. ఒకే చేతిపట్టును మూడు వేర్వేరు పట్టులుగా రాసుకున్నామన్నమాట. ఆ అబ్బాయి గింజలను తానే మూడుసార్లు జరిపి చూసి, మూడోసారి చేయి ఆపేశాడు.

పెద్ద లెక్కలోనూ సరిగ్గా ఇదే జరిగింది. నాలుగు కలిసిన టికెట్టులు 13,545 ఉన్నాయి; ఆ నాలుగింటిలో "ముందు తీసిన మూడు" ఏవో నాలుగు విధాలుగా చెప్పవచ్చు కనుక ఒక్కొక్కటి నాలుగుసార్లు లెక్కకు వచ్చింది. అయిదు కలిసిన 258 టికెట్టులు పదేసి సార్లు, ఆరూ కలిసిన ఒక్క టికెట్టు ఇరవైసార్లు వచ్చాయి.

```
246820 + 4×13545 + 10×258 + 20×1 = 303600
```

పైసా తేడా లేకుండా సరిపోయింది. పరిష్కారం: రెండో సంయోగంలో ఎప్పుడూ ఓడిన అంకెలు మాత్రమే ఉండాలి. గెలిచినవాటిలో ఎన్ని కలిసినా, నాలుగైనా అయిదైనా, ఆ రెండో కుప్ప 43 నుంచి కదలదు. ఈ పొరపాటు ధర ఎంతో కూడా చూడవచ్చు. పది పౌండ్ల బహుమతి విలువ సగటున టికెట్టుకు దాదాపు 18 పెన్నీలు కాగా, 46 అని నమ్మినవాడు దాన్ని దాదాపు 22 పెన్నీలనుకుంటాడు.

సమస్య: 54కు ఒకటి అని వస్తోంది

లెక్క తప్పు కాదు, ప్రశ్న మారింది. మీరు "కనీసం మూడు" లెక్కించారు: 2,46,820, 13,545, 258, 1 కలిపితే 2,60,624. ఏదో ఒక బహుమతి వచ్చే అవకాశం అడిగితే ఇదే సరైన జవాబు; మూడు కలిసిన బహుమతి ఒక్కదాని గురించి అడిగితే కాదు.

సమస్య: 1133 లేదా 921 అని వస్తోంది

అంకెలను ఒకదాని తరువాత ఒకటిగా తీస్తూ భిన్నాలను గుణించేవారికి ఇవి ఎదురవుతాయి. 6/49 × 5/48 × 4/47 దగ్గర ఆగిపోతే 921 వస్తుంది. అది మనం ఎంచుకున్న ఒకానొక మూడు అంకెలు, ఉదాహరణకు 7, 12, 30, మూడూ ఆ ఆరింటిలో ఉండే అవకాశం మాత్రమే. ఆగకుండా 43/46 × 42/45 × 41/44 కూడా గుణిస్తే 1133 వస్తుంది, కాని అది మొదటి మూడూ కలిసి చివరి మూడూ తప్పే ఒక్క వరుసకు చెందినది. కలిసే మూడు ఆరు స్థానాల్లో ఎక్కడైనా ఉండవచ్చు కనుక 20తో గుణించాలి. అప్పుడు మళ్ళీ 56.66 వస్తుంది. ఈ దారి కూడా సరైనదే. 20ని మరచిపోవడమే దీని లోపం.

సమస్య: 40కి ఒకటి అని వస్తోంది

ద్విపద విభాజనం వాడారు. ప్రతి అంకె కలిసే అవకాశం 6/49 అని స్థిరంగా పెట్టుకుని, 20 × (6/49)³ × (43/49)³ అని లెక్కిస్తే 0.0248 వస్తుంది. తీసిన గింజను మళ్ళీ చెంబులో వేసి కలిపి, తరువాతిది తీస్తే ఈ లెక్క నిజం. లాటరీలో తీసిన బంతి తిరిగి లోపలికి వెళ్ళదు. రెండు అంకెలు కలిసిపోయాక మూడోది కలిసే అవకాశం 6/49 కాదు, 4/47. అంటే 12 శాతం నుంచి ఎనిమిదిన్నర శాతానికి పడిపోయింది. తప్పే అంకెల వైపు అవకాశం పెరుగుతుంది కాని, ఆ పెరుగుదల ఈ తరుగుదలను పూడ్చలేదు. అందుకే అసలు అవకాశం ద్విపదం చెప్పినదానికన్నా తక్కువ. రాశి లక్షల్లో ఉండి తీసేవి ఆరే అయితే రెండు లెక్కలకూ తేడా కనిపించదు. 49లో ఆరంటే తేడా బాగా కనిపిస్తుంది.

సమస్య: 61కి ఒకటి అని వస్తోంది

ఆరు బంతుల తరువాత ఏడోదిగా బోనస్ బంతి తీస్తారని విన్నవారు దాన్ని ఓడిన కుప్పలోంచి తీసేసి, 43 బదులు 42 వేస్తారు. ఆ ఆటలో బోనస్‌కు పని ఉన్నది అయిదు కలిసినప్పుడే. అయిదు కలిసిన 258 టికెట్టులలో ఆరో అంకె బోనస్ అయినవి 6, కానివి 252. అవి రెండు వేర్వేరు బహుమతులు. మూడు కలిసిన టికెట్టులో బోనస్ అంకె ఉన్నా లేకున్నా బహుమతి ఒకటే కనుక, ఇక్కడ అది కూడా ఓడిన అంకెల్లో ఒకటి. ఏ ఆట లెక్క వేసినా, బోనస్ ఏయే బహుమతులను మారుస్తుందో దాని నియమాల్లో ముందుగా చూసుకోవాలి.

సమస్య: కంప్యూటర్ 0.999 అని చూపిస్తోంది

ఎక్సెల్‌లో ఈ సూత్రం చివరి పదంలో `TRUE` రాశారు. అప్పుడది సున్నా నుంచి మూడు వరకు కలిసే అవకాశాలన్నీ కూడి ఇస్తుంది. `FALSE` ఉంటే 0.01765 వస్తుంది.

```
=HYPGEOM.DIST(3,6,6,49,FALSE)
```

సమస్య: 57 సార్లు తీసినా ఒక్కసారీ మూడు కలవలేదు

ఇది లెక్కలో దోషం కాదు. 49 చింతగింజలకు అంకెలు రాసి ఇత్తడి చెంబులో వేసి పిల్లలు తీస్తుంటే, మొదటి బల్లవారు ఎంతసేపటికీ రావడం లేదని సూత్రాన్నే అనుమానించారు. ఒక్కసారి తీస్తే మూడు కలవని అవకాశం 0.98235, 57 సార్లూ కలవకుండా ఉండాలంటే దాన్ని 57 సార్లు గుణించాలి, వచ్చేది 0.36. అంటే 57 సార్ల చొప్పున తీసే మూడు బల్లలలో ఒక బల్లకు ఏమీ రాకపోవడం మామూలే. "57కు ఒకటి" అన్నది చాలా ఎక్కువసార్లు తీసినప్పుడు వచ్చే సగటు.

లెక్క సరిపోయిందని ఎలా తెలుసుకోవాలి

సున్నా నుంచి ఆరు వరకు అన్ని వరుసలూ రాసి కూడండి. ఒక్క టికెట్టు రెండు వరుసల్లో పడినా, ఏ వరుసలోనూ పడకపోయినా మొత్తం చెడుతుంది.

```
0: 6096454
1: 5775588
2: 1851150
3:  246820
4:   13545
5:     258
6:       1
   --------
  13983816
```

3 అని ఉన్న వరుసలో 3,03,600 పెట్టి చూస్తే మొత్తం 56,780 ఎక్కువవుతుంది, పొరపాటు అక్కడికక్కడే బయటపడుతుంది.

2015 అక్టోబరులో బ్రిటన్ లాటరీ 49 అంకెలను 59 చేసింది. అన్నయ్యకు పంపవలసిన జవాబు అసలు దీనికే. గెలిచిన కుప్ప మారలేదు, ఓడిన కుప్ప 53 అయింది: 20 × 23,426 = 4,68,520; మొత్తం టికెట్టులు 4,50,57,474; భాగిస్తే 96.17. పది అంకెలు పెరిగినందుకు 57కు ఒకటిగా ఉన్నది 96కు ఒకటి అయింది.